మోచేయి కీలు తప్పితే: ఎంతవరకు నిలిచిందో తెలుసుకోవడం, వారంలోనే కదిలించడం ఎలా

మోచేయి కీలు తప్పినవాళ్లలో చాలామందిని ఇబ్బంది పెట్టేది తప్పిన కీలు కాదు, తర్వాత వేసే పిండికట్టు. డాక్టరు కీలు సరిచేసి కట్టు వేస్తారు. "కదిలిస్తే మళ్లీ తప్పుతుందేమో" అన్న టెన్షన్‌తో ఇంట్లోవాళ్లు దాన్ని నాలుగు, ఐదు వారాలు అలాగే ఉంచుతారు. విప్పేసరికి చేయి చాపుకోదు, ముద్ద నోటిదాకా రాదు. శరీరంలోని కీళ్లన్నిటిలో ఇంత త్వరగా బిగుసుకుపోయేవి తక్కువ. మూడు వారాలకు మించి కదలకుండా కట్టిన మోచేయి తిరిగి పూర్తిగా చాపుకోవడం కష్టం.

నేను ఫిజియోథెరపీ చేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లను మొదట అడిగేది ఒక్కటే: "కీలు కూర్చోబెట్టాక ఎన్ని డిగ్రీల దాకా జారకుండా నిలిచిందని చెప్పారు?" చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఎప్పుడు కదిలించాలి, ఎంతవరకు చాపాలి, ఏ పని చేయకూడదు అన్నవన్నీ ఆ అంకెతోనే తేలతాయి. అందుకే దెబ్బ తగిలిన రోజు నుంచి ఆ అంకె చుట్టూనే చెబుతాను. కొలత ఇలా గుర్తు పెట్టుకోండి: చేయి నిటారుగా చాపితే 0, మోచేయి మూలమట్టంలా వంగితే 90, వేళ్లు భుజాన్ని తాకేలా పూర్తిగా మడిస్తే సుమారు 140.

దెబ్బ తగిలిన వెంటనే

పెద్దవాళ్లలో భుజం తర్వాత ఎక్కువగా తప్పే పెద్ద కీలు మోచేయే. పడేటప్పుడు చేయి నేలకు ఆనించడం వల్లే ఇది ఎక్కువగా జరుగుతుంది. ముంజేయి ఎముకలు వెనక్కి జారి, మోచేతి వెనక భాగం పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. దాన్ని ఇంటి దగ్గర లాగి సరిచేయించకండి. లోపల ఎముక చిట్లిందో లేదో ఎక్స్‌రే లేకుండా ఎవరికీ తెలియదు. చిట్లిన ముక్క లాగినప్పుడు కీలులో ఇరుక్కోవచ్చు, పక్కనే ఉన్న రక్తనాళమో నరమో నలగవచ్చు.

చేయి ఎలా ఉందో అలాగే తుండుగుడ్డతో మెడకు వేలాడదీయండి. ఉంగరాలు, గాజులు, వాచీ వెంటనే తీసేయండి. వాపు ఎక్కాక అవి రావు. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి డాక్టరు చూసేదాకా తినడానికి, తాగడానికి ఏమీ పెట్టొద్దు.

దారిలోనే వేళ్లు చూడండి. చల్లబడ్డాయా, తెల్లబోయాయా? బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి గుండ్రంగా చుట్టగలుగుతున్నారా? వేళ్లన్నీ దూరదూరంగా విప్పగలుగుతున్నారా? బొటనవేలు పైకి ఎత్తగలుగుతున్నారా? ఈ మూడూ మూడు నరాల పరీక్షలు. కుదరనిది ఏదైనా ఉంటే వెళ్లగానే చెప్పండి, కీలు సరిచేశాక కూడా ఇవే మళ్లీ చేసి చూడండి. కట్టు వేశాక మందులకు లొంగకుండా నొప్పి పెరుగుతూ, వేళ్లను కొంచెం వెనక్కి చాపినా ముంజేయిలో భరించలేని నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకండి. ముంజేయి కండరాల్లో ఒత్తిడి పెరిగితే ఇలా ఉంటుంది. అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

కీలు కూర్చోబెట్టిన రోజు అడగాల్సినవి

మత్తు ఇచ్చి కీలు కూర్చోబెట్టాక, ఆ మత్తులోనే డాక్టరు మోచేతిని మెల్లగా వంచి, చాపి చూస్తారు. చాపుతూ పోతుంటే ఏదో ఒక కోణం దగ్గర కీలు జారబోతున్నట్టు చేతికి తెలుస్తుంది, కొన్నిచోట్ల కదలికను అప్పటికప్పుడే ఎక్స్‌రేలో చూపించే సి-ఆర్మ్ యంత్రం తెరమీద కూడా కనిపిస్తుంది. అరచేయి బోర్లా పెట్టి ఒకసారి, వెల్లకిలా పెట్టి ఒకసారి చూస్తారు. నొప్పి లేని ఆ కొద్ది నిమిషాల్లో తెలిసినంత స్పష్టంగా ఆ తర్వాత తెలియదు. కాబట్టి పక్కన ఉన్నవాళ్లు అడిగి, డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. అడగాల్సినవి మూడు: ఏ కోణం దాకా నిలిచింది, అరచేయి ఎలా పెడితే బాగా నిలిచింది, ఎక్కడైనా ఎముక విరిగిందా.

మొదటి జవాబు "30 డిగ్రీల దాకా నిలిచింది" అయితే, అంటే చేయి దాదాపు చాపేదాకా జారకపోతే, ఆపరేషన్ లేకుండా వారంలో కదలికలు మొదలుపెట్టవచ్చు. 45 దగ్గరే జారబోతుంటే, అంతకుమించి చాపకుండా ఆపే మడతబందు ఉన్న బ్రేస్ వేసి, వారం వారం ఎక్స్‌రే తీస్తూ కదిలిస్తారు. బాగా వంచి ఉంచితేనే నిలుస్తూ, కొంచెం చాపగానే జారిపోతుంటే, ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు కుట్టాలా అన్నది ఆలోచించాల్సిందే. అలాంటి కీలును ఎక్కువగా వంచి పిండికట్టులో వారాల తరబడి దాచిపెట్టడం పరిష్కారం కాదు. కట్టు విప్పాక అది బిగుసుకుపోయి ఉండవచ్చు, లోపల సగం జారి కూడా ఉండవచ్చు.

రెండో జవాబు కూడా ఉపయోగపడుతుంది. మోచేయి తప్పినప్పుడు ఎక్కువసార్లు ముందు తెగేది బయటివైపు లిగమెంట్. లోపలివైపుది బాగుంటే అరచేయి బోర్లా ఉంచినప్పుడు కీలు గట్టిగా నిలుస్తుంది. లోపలివైపుదే తెగి బయటిది బాగుంటే వెల్లకిలా ఉంచాలి. రెండూ తెగితే మధ్యస్థంగా, బొటనవేలు పైకి ఉండేలా ఉంచుతారు. వ్యాయామం చేసేటప్పుడు ముంజేతిని ఎలా పెట్టాలన్నది దీన్నిబట్టే.

ఎముక విరిగితే

ఎముక విరగకుండా కీలు మాత్రమే తప్పితే ఎక్కువమంది బాగానే కోలుకుంటారు. విరిగితే ఏది విరిగింది, ఎంత పక్కకు జరిగింది అన్నదాన్నిబట్టి దారి మారుతుంది.

మోచేతి బయటివైపు రేడియస్ ఎముక తల ఉంటుంది, అరచేయి బోర్లా వెల్లకిలా తిప్పితే కింద తిరిగేది అదే. చిన్న గీతలా చిట్లి, ముక్క 2 మిల్లీమీటర్లకన్నా తక్కువ జరిగితే సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు, త్వరగా కదిలించడమే మందు. కానీ అరచేయి తిరుగుతూ తిరుగుతూ ఏదో అడ్డుపడ్డట్టు ఒక చోట ఆగిపోతుంటే అది నొప్పివల్లా, ముక్క అడ్డురావడంవల్లా అన్నది తేల్చాలి. కీలులో చేరిన రక్తాన్ని సూదితో తీసి, అక్కడే మత్తుమందు వేసి మళ్లీ తిప్పి చూస్తే తేలిపోతుంది. నొప్పి పోయినా తిరగకపోతే ముక్కను సరిచేయాలి. మణికట్టు కూడా నొక్కి చూపించండి. అక్కడా నొప్పి ఉంటే ముంజేయి రెండు ఎముకల మధ్య ఉండే పొర కూడా చిరిగి ఉండవచ్చు.

రెండోది కొరోనాయిడ్. ముంజేయిలో రెండో ఎముకైన అల్నా ముందు వైపు, ముంజేయిని వెనక్కి జారిపోనివ్వకుండా ఆపే చిన్న కొమ్ము అది. ఎక్స్‌రేలో గింజంత ముక్క కనిపిస్తే "చిన్నదే కదా" అని వదిలేయకండి. కొస మాత్రమే రాలితే కదలికలతో సరిపోవచ్చు. లోపలివైపు భాగం విరిగితే ముక్క చిన్నదైనా కీలు నెమ్మదిగా అరిగిపోతుంది. మామూలు ఎక్స్‌రేలో ఇది తప్పిపోతుంది కాబట్టి అనుమానం ఉంటే సి.టి. స్కాన్ తీయించాలి. కీలు తప్పడం, రేడియస్ తల విరగడం, కొరోనాయిడ్ విరగడం మూడూ కలిస్తే చాలావరకు ఆపరేషన్ పడుతుంది. ఆ ఆపరేషన్ అసలు ఉద్దేశం ఎక్స్‌రే అందంగా కనిపించడం కాదు. కొద్ది రోజుల్లోనే చేయి కదిలించగలిగేంత గట్టిగా కీలును నిలబెట్టడం.

పిల్లల విషయం కొంచెం వేరు. తొమ్మిది, పది ఏళ్లు దాటిన పిల్లల్లో మోచేతి లోపలివైపు గుబ్బ ఊడి, కీలు కూర్చోబెట్టేటప్పుడు దాని లోపలే ఇరుక్కోవచ్చు. సరిచేశాక తీసిన ఎక్స్‌రేలో ఆ గుబ్బ తన చోట ఉందా అని తప్పక అడగండి. కదలడం మొదలుపెట్టే రోజులు కూడా పిల్లలకు డాక్టరే నిర్ణయించాలి. కింద చెప్పే కదలికలు పెద్దవాళ్లకు.

మొదటి వారం

కట్టు 90 డిగ్రీల దగ్గర, ఐదు నుంచి ఏడు రోజులు. ఈ రోజుల్లో ఖాళీగా ఉండొద్దు. మెలకువగా ఉన్న ప్రతి గంటా పదిసార్లు పిడికిలి బిగించి విప్పండి, భుజం మెల్లగా కదిలించండి. కట్టు లోపలే మోచేతి కండరాలను బిగించి ఐదు సెకన్లు ఉంచి వదలండి. ఇది వాపు తగ్గించడానికే కాదు. లిగమెంట్ తెగిన కీలును దగ్గరగా పట్టి ఉంచేవి ఇప్పుడు ఆ కండరాలే.

వారం చివర పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో పైచేయి ఎముకకూ అల్నాకూ మధ్య ఖాళీ చూస్తారు. కూర్చోబెట్టిన రోజు కండరాలు వదులుగా ఉండి ఆ ఖాళీ 4 మిల్లీమీటర్లు దాటి కనిపించవచ్చు. కండరాలు మేలుకున్నాక అది మూసుకుపోవాలి. వారం దాటినా తెరుచుకునే ఉంటే కదిలించే ముందు డాక్టరు మళ్లీ ఆలోచించాలి.

ఇంత త్వరగా కదిలిస్తే మళ్లీ తప్పదా అన్న భయం సహజమే. నెదర్లాండ్స్‌లో ఎముక విరగని 100 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మూడు వారాలు పిండికట్టు వేశారు, ఇంకో గుంపును రెండు రోజులకే కదిలించారు. ఫలితాలు 2017లో వచ్చాయి. త్వరగా కదిలించినవాళ్లు ఆరు వారాల దగ్గర బాగా ముందున్నారు, పనికి కూడా ముందే వెళ్లారు. కీలు మళ్లీ తప్పడం వాళ్లలో పెరగలేదు. ఏడాది గడిచేసరికి రెండు గుంపులూ సమానమే.

కదలికలు ఎలా చేయాలి

మొదట వెల్లకిలా పడుకోండి. కూర్చుని, చేయి కిందికి వేలాడదీసి చాపితే ముంజేయి బరువు కీలును విడదీస్తుంది. పడుకుని పైచేయిని పైకప్పు వైపు నిటారుగా నిలబెడితే అదే బరువు కీలును దగ్గరగా నొక్కుతుంది. మొదటి మూడు, నాలుగు వారాలకు ఇదే క్షేమమైన తీరు.

పైచేయి కదలకుండా, మణికట్టు దగ్గర రెండో చేత్తో పట్టుకోండి. అరచేయి డాక్టరు చెప్పిన తీరులో ఉండాలి. మోచేతిని వదులుగా వంచండి. చేయి నుదుటివైపు దానంతటదే దిగుతుంది. ఆగిన చోట ఐదు సెకన్లు ఉంచండి. ఇప్పుడు మోచేతి వెనక కండరం బిగిస్తూ చేతిని పైకి చాపండి, కానీ మీ కాగితం మీద ఉన్న అంకె దగ్గరే ఆపండి. పదిసార్లు, రోజుకు నాలుగైదు దఫాలు. రెండో చెయ్యి ఊతం మాత్రమే, నొక్కడానికి కాదు.

అరచేయి తిప్పే వ్యాయామం వేరుగా చేయండి. మోచేయి 90 దగ్గర వంచి, పక్కటెముకలకు ఆనించి, బోర్లా వెల్లకిలా మెల్లగా తిప్పండి. చాపిన చేతిని తిప్పకూడదు. వెల్లకిలా తిప్పుతూ చాపడం అన్నది కీలు తప్పే దారిలోనే చేతిని తీసుకెళ్లడం.

చేయకూడని పనులు రోజూ చేసేవే. మోచేతిని ఒంటికి దూరంగా పక్కకు ఎత్తడం మొదటి ఆరు వారాలు వద్దు. అలా ఎత్తితే ముంజేయి బరువంతా తెగిన బయటి లిగమెంట్ మీద పడుతుంది. జడ వేసుకోవడం, అలమరలో పైనున్న డబ్బా అందుకోవడం ఇలాంటివే. కుర్చీ చేతుల మీద ఆని లేవొద్దు. నీళ్ల బకెట్ ఎత్తొద్దు.

నూనె రాసి మర్దన చేయించడం, ఎవరితోనైనా నొక్కించి చాపించడం అసలు వద్దు. దీని గురించి నేను మొహమాటం లేకుండా చెబుతాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే బిగుసుకుపోయిన మోచేతుల్లో ఇది తరచూ వినే కథ. దెబ్బతిన్న కండరాన్ని నలిపితే, బలవంతంగా లాగితే అక్కడ రక్తం చేరుతుంది, కొన్ని వారాల్లో అక్కడే కొత్త ఎముక పుట్టుకొస్తుంది. ఆ ఎముక కీలుకు అడ్డం నిలిచాక వ్యాయామంతో లొంగదు.

ఎంత నొప్పి ఫర్వాలేదు? చేస్తున్నప్పుడు లాగినట్టుంటే మంచిదే. గంటలోపు తగ్గాలి. మర్నాడు వాపు పెరిగి, ముందురోజుకన్నా తక్కువ వంగితే మీరు ఎక్కువ చేశారని అర్థం. దఫాలు మానకండి, ప్రతి దఫాలో బలం తగ్గించండి.

ఒక చేయి, ఆరు వారాలు

ఒక మామూలు ఉదాహరణ చూద్దాం. ముప్పై ఐదేళ్ల ఎలక్ట్రీషియన్, బైకు ఇసుకలో జారి ఎడమచేతి మీద పడ్డాడు. కీలు వెనక్కి తప్పింది, కొరోనాయిడ్ కొస కొంచెం రాలింది. మత్తులో సరిచేశాక 30 దాకా నిలిచింది, బోర్లా పెడితే ఇంకా బాగా నిలిచింది. మొదటి ఎక్స్‌రేలో ఖాళీ 5 మిల్లీమీటర్లు. కట్టులో కండరాలు బిగించే వ్యాయామం చేశాడు. ఆరో రోజు ఎక్స్‌రేలో ఖాళీ మూసుకుపోయింది, కట్టు తీసి జోలెలో వేశారు.

మొదటిరోజు 60 నుంచి 100 దాకా మాత్రమే వచ్చింది. అతను భయపడ్డాడు, భార్య ఇంకా భయపడింది. "నాలుగు రోజులు చేశాక ఫోటో తీసి చూడమ్మా" అని చెప్పాను. పక్కనుంచి, ఒకే దూరం నుంచి, వారానికి రెండుసార్లు ఫోన్లో ఫోటో తీయాలి, ఒకటి పూర్తిగా వంచి, ఒకటి చాపి. రోజూ చూసే కంటికి తెలియని మార్పు ఫోటోలో తెలుస్తుంది. రెండో వారం చివర 45 నుంచి 115. మూడో వారంలో 30 నుంచి 125. అక్కడ చాపడం కావాలనే ఆపించాం, నాలుగో వారం దాకా 30కి మించి వద్దని. ఆ తర్వాత రెండు వారాల్లో 15 నుంచి 135.

ఈ అంకెలకు అర్థం ఏమిటంటే, రోజువారీ పనుల్లో చాలావాటికి 30 నుంచి 130 దాకా వంగితే, అరచేయి అటు ఇటు 50 డిగ్రీల చొప్పున తిరిగితే సరిపోతుంది. అన్నం తినడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, తాళం తిప్పడం అన్నీ అందులోకి వస్తాయి. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడానికి ఇంకాస్త వంగాలి. చివరి పది, పదిహేను డిగ్రీలు చాపుకోకుండా మిగిలిపోవడం ఎముక విరగనివాళ్లలోనూ మామూలే, దానికోసం కీలును హింసించాల్సిన పనిలేదు.

ఆరు వారాల తర్వాత బరువుల వ్యాయామం మొదలుపెట్టాడు. మొదట అరలీటరు నీళ్ల సీసాతో. నిచ్చెన ఎక్కడం, డ్రిల్లింగ్ యంత్రం పట్టుకోవడం మూడు నెలల దాకా ఆపించాం.

దారి తప్పుతోందని ఎలా తెలుస్తుంది

చాపేటప్పుడు కీలు టక్కుమని జారినట్టు అనిపించినా, చేయి ఆనించి లేచేటప్పుడు మోచేయి పట్టు వదిలేసినట్టున్నా వ్యాయామం ఆపి ఎక్స్‌రే తీయించండి. చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతుంటే మోచేతి లోపలివైపు నుంచి వెళ్లే అల్నార్ నరం నలుగుతోంది. వంచే కోణం పెరగకుండా ఆగిపోవడం, ఈ తిమ్మిరి కలిసి వస్తే ఇంకా త్వరగా చూపించాలి, ఎందుకంటే ఆ నరాన్ని వదులు చేయకపోతే వంచడం ముందుకు సాగదు.

మూడు, ఆరు వారాల మధ్య బాగా వస్తున్న కదలిక వెనక్కి తగ్గి, మోచేయి వెచ్చగా, గట్టిగా తగులుతుంటే కొత్త ఎముక పడుతోందేమో చూడాలి. అప్పుడు కదలికలు పూర్తిగా మానొద్దు. నొప్పి రాని మేరకే, మీ కండరంతో మీరే చేయండి.

ఎనిమిది వారాలకూ 30 దాటి చాపుకోలేకపోతుంటే, కీలు బాగా నిలిచిందని ఎక్స్‌రేలో తేలితే, బిగుతు కొంచెం కొంచెం పెంచే స్ప్లింట్ పనికొస్తుంది. అరగంట చొప్పున రోజుకు రెండు మూడుసార్లు, లాగినట్టు తెలిసేంత బిగుతు మాత్రమే. దీనికి నెలలు పడుతుంది, ఆరు నెలల దాకా కోణం మెరుగవుతూనే ఉండవచ్చు. ఆ తర్వాత కూడా చేసుకోవాల్సిన పనులకు చేయి అడ్డుపడుతుంటేనే కీలు చుట్టూ బిగుసుకున్న పొరను కోసి వదులు చేసే ఆపరేషన్ గురించి సర్జన్‌తో మాట్లాడండి. వెళ్లేటప్పుడు ఫోటోలన్నీ వరుసగా చూపించండి. ఎక్కడ ఆగిపోయిందో, ఎప్పటినుంచి ఆగిపోయిందో వాటిలో ఆయనకు తేలిగ్గా తెలుస్తుంది.